నాలుగేళ్ళుగా వాడుతున్న ఒక ఫార్ములా: 930 దగ్గరే అసలు పరీక్ష

1430ని 2:30 PM చేసే ఎక్సెల్ ఫార్ములాలు చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని నేను రోజూ వాడి చూశాను. మొదటిది ఏడు నెలలు వాడి తీసేశాను. రెండోది నాలుగేళ్ళుగా నడుస్తోంది. మొదటిదాని మీద నాకు ఇప్పటికీ కోపమే. తప్పు చేసినందుకు కాదు, ఆ తప్పు అచ్చం ఒప్పులా కనబడినందుకు.

రాయగడలో బస్టాండుకు దగ్గరగా మాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పార్వతీపురం, గుణుపురం, విశాఖపట్నం వైపు వెళ్ళే బస్సుల టైం బోర్డులు, టికెట్ కౌంటర్లలో పెట్టే చీటీలు మా దగ్గరే ప్రింటు తీస్తారు. బస్సు ఆఫీసులనుంచి టైములు ఎప్పుడూ ఇరవై నాలుగు గంటల లెక్కలోనే వస్తాయి. మధ్యలో చుక్క, గీత ఏమీ లేకుండా 1430, 1745, 2115 అని ఉంటాయి. బోర్డు చదివేవాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు ఇద్దరూ ఉంటారు. 14:30 అని పెడితే ప్రతి పదిమందిలో ఒకరైనా కౌంటరు దగ్గరకొచ్చి "అంటే ఎన్నింటికి బాబూ?" అని అడుగుతారు. 2:30 PM అని పెడితే ఏ భాషవాళ్ళకైనా సరిపోతుంది. అందుకే ఈ మార్పిడి మాకు రోజువారీ పని.

1430 ఉన్న గడికి నేరుగా టైం ఫార్మాట్ పెడితే 12:00 AM వస్తుంది. ఇలాంటి ఏ పూర్తి సంఖ్యకు పెట్టినా అదే వస్తుంది. ఎక్సెల్‌కు 1 అంటే ఒక రోజు. 1430 అంటే దాని లెక్కలో 1430 రోజులు, మిగులు గంటలు లేవు. ఇది ఎవరికైనా మొదటి రోజే తెలిసిపోతుంది. నా గొడవ దీంతో కాదు.

నేను మొదట పెట్టుకున్న ఫార్ములా ఇది:

```
=TIME(LEFT(A2,2), RIGHT(A2,2), 0)
```

ఎడమ రెండంకెలు గంటలు, కుడి రెండంకెలు నిమిషాలు. చూడగానే అర్థమవుతుంది. 1430తో చూశాను, 2:30 PM వచ్చింది. 1745, 2115 కూడా సరిగ్గా వచ్చాయి. అన్నీ నాలుగంకెల సంఖ్యలతోనే పరీక్షించానన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆఫీసువాళ్ళు కాగితం మీద 0930 అని రాసినా, గడిలో కొట్టి ఎంటర్ నొక్కగానే ముందున్న సున్నా పోతుంది. మిగిలేది 930, మూడంకెలు. ఎడమ రెండంకెలు తీస్తే 93.

ఇక్కడే ఆ ఫార్ములా నన్ను మోసం చేసింది. 93 గంటలంటే ఎక్సెల్ తప్పని చెప్పదు. గంటల సంఖ్య 23 దాటితే 24తో భాగించి శేషం తీసుకుంటుంది. 93లో మూడు ఇరవై నాలుగులు, అంటే 72 పోగా 21 మిగులుతుంది. 21 అంటే రాత్రి తొమ్మిది. కుడి రెండంకెలు 30. గడిలో చక్కగా 9:30 PM అని వచ్చింది. ఉదయం తొమ్మిదిన్నర బస్సు రాత్రి తొమ్మిదిన్నర బస్సు అయిపోయింది. గంట అదే, నిమిషాలు అవే, చివర్లో ఒక్క అక్షరమే మారింది.

ఆ చీటీలో నాలుగు సర్వీసులు ఉన్నాయి: 530, 930, 1430, 1745. ప్రింటు ఇచ్చేముందు మొదటి వరస, చివరి వరస చూడడం నా అలవాటు. 530కి 5:30 AM అని ఉంది, సరైనదే. కానీ అది సరిగ్గా వచ్చింది కూడా అదృష్టంవల్లే. 53లోంచి 48 పోతే 5, అలా కుదిరిపోయింది. 745 ఉండి ఉంటే 2:45 AM వచ్చేది. వింతగా ఉందని నేనే ఆగేవాణ్ణి. చివరి వరస 5:45 PM, అదీ సరే. మధ్యలో 5:30 AM, 9:30 PM, 2:30 PM అని వరస తప్పిన సంగతి నేనూ చూడలేదు, ఆఫీసువాళ్ళూ చూడలేదు. నాలుగు చీటీలు అతికించేశారు.

మూడో రోజు రాత్రి షాపు కట్టేస్తుంటే గుణుపురం వైపునుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన భార్య సంచులతో నిలబడి ఉన్నారు. మర్నాడు పొద్దున్న విశాఖపట్నంలో ఆమెకు కంటి పరీక్ష. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగుదామని వచ్చారు. కౌంటరు మూసి ఉంది. ఆయన చీటీ దగ్గరకు నన్ను తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించారు.

"ఏటి బాబూ, రాత్రి తొమ్మిదిన్నర అనే కదా రాసుంది?"

అలాగే ఉంది. నా ప్రింటే. తప్పు నాదే అని చెప్పాను. "పోనీలే నాయనా, పొద్దున్నే ఉంది కదా" అని ఆవిడే అన్నారు. మా ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టి, తెల్లవారి 5:30 బస్సు ఎక్కించాను. ఆ రోజు ఇచ్చిన టైముకి వాళ్ళు చేరలేకపోయారు, పరీక్షకు ఇంకో రోజు వెళ్ళాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఈ విషయంలో నాకు పట్టుదల పెరిగింది.

ఇప్పుడు వాడుతున్నది ఇది:

```
=TIME(INT(A2/100), MOD(A2,100), 0)
```

గడికి ఫార్మాట్ `h:mm AM/PM`. ఇది అంకెల్ని అక్షరాల్లా కోయదు, సంఖ్యగానే లెక్క కడుతుంది. 1430ని వందతో భాగిస్తే 14.3, అందులో పూర్తి సంఖ్య 14, అవి గంటలు. శేషం 30, అవి నిమిషాలు. 930కి 9, 30 వస్తాయి. సున్నా పోయినా నష్టం లేదు, ఎందుకంటే ముందు సున్నా ఉన్నా లేకపోయినా సంఖ్య విలువ మారదు.

నాకు దీనిమీద నిజమైన ప్రేమ కలిగింది మాత్రం అర్ధరాత్రి దాటిన బస్సుతో. 0015కి బయల్దేరే సర్వీసు ఒకటి కొత్తగా వచ్చింది. గడిలో కొడితే ఉత్త 15 మిగిలింది. వందతో భాగిస్తే గంటలు 0, నిమిషాలు 15. జవాబు 12:15 AM, పూర్తిగా సరి. పాతదానిలో ఎడమ రెండంకెలూ 15, కుడి రెండంకెలూ 15 అయి 3:15 PM వచ్చేది. నడిరాత్రి బస్సు మధ్యాహ్నానికి మారిపోయేది. పన్నెండు తీసేసే పని చేత్తో రాసుకున్నవాళ్ళు ఎక్కువగా తప్పేది కూడా ఇక్కడే. 1300నుంచి పన్నెండు తీయాలి కానీ 1230నుంచి తీయకూడదు, అది 12:30 PM గానే ఉండాలి. 0030కి పన్నెండు కలపాలి, అది 12:30 AM. ఆ రెండు మినహాయింపుల్ని TIME, ఫార్మాట్ కలిసి వాటంతట అవే చూసుకుంటాయి.

మొదటి ఏడాది ఈ ఫార్ములా గురించి అందరికీ చెప్పేవాణ్ణి, ఇందులో తప్పే రాదని. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఒకసారి 1615 బదులు తొందరలో 1165 కొట్టాను. 11 గంటల 65 నిమిషాలంటే ఫార్ములా కసరలేదు, 65లో అరవైని గంటగా మార్చి 12:05 PM అని చూపించింది. ఈసారి వరస తప్పడం చూసి ప్రింటుకు ముందే పట్టుకున్నాను. అలాగే గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నా అనుకుని 12:00 AM ఇస్తుంది. అలాంటి సర్వీసే లేకపోయినా బోర్డు మీద అర్ధరాత్రి బస్సు కనబడుతుంది. కాబట్టి ఇప్పుడు దానికి కాపలా పెట్టాను:

```
=IF(OR(A2="", A2>=2400, MOD(A2,100)>59),
 "చూడు", TIME(INT(A2/100), MOD(A2,100), 0))
```

ఖాళీ గడికీ, 59 దాటిన నిమిషాలకీ, 2400కీ "చూడు" అని వస్తుంది. 2400ని కావాలనే ఆపాను. అది వచ్చిందంటే ఏ తేదీ రాత్రి అన్నది ఆఫీసువాళ్ళను అడగాలి. అడిగి తెలుసుకున్నాక మర్నాటి తేదీ కింద 0 అని కొడతాను, అప్పుడు 12:00 AM సరిగ్గా వస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. `TEXT` ఫంక్షన్‌తో 2:30 PM అని తెప్పించుకునే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే గడిలో ఉండేది టైం కాదు, అక్షరాలు. వరసలో పెడితే 2:30 PM వచ్చి 5:30 AM ముందు కూర్చుంటుంది. నాకు తప్పులు పట్టించేదే ఆ వరస కాబట్టి `TEXT`ను ముట్టుకోను.

ఫార్ములా తీర్చలేనిది ఒకటి మిగిలింది. 15వ తేదీ 12:15 AM అంటే 14వ తేదీ రాత్రి పడుకోకుండా రావాల్సిన బస్సు. కానీ మనవాళ్ళకు రాత్రి పన్నెండుంబావు అంటే 15వ తేదీ రాత్రే. పొద్దు పొడిచేదాకా మన మనసులో తేదీ మారదు. 00:15 అని ఉన్నప్పుడు కనీసం అదేమిటని అడిగేవాళ్ళు. AM అని పెట్టాక అర్థమైందనుకుని వెళ్ళిపోతున్నారు, మర్నాడు రాత్రి వస్తున్నారు. ఈ ఒక్క విషయంలో నా మార్పిడి వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ జరిగిందని ఒప్పుకోవాలి. అందుకే 100 కన్నా చిన్న సంఖ్యలు వస్తే, అంటే గంటల చోట సున్నా ఉంటే, పక్క గడిలో "14 రాత్రి తెల్లారితే 15" అని చేత్తో రాసి ప్రింటు తీస్తున్నాను.

నాకు రోజుకు ముప్పై నలభై వరసలే ఉంటాయి, అన్నీ ఒకసారి కళ్ళతో చూడగలను. నాలాంటి పనికి ఈ ఫార్ములాను ధైర్యంగా వాడుకోవచ్చు. వేల వరసలు ఉండి ఎవరూ చూడని చోటయితే కాపలా లేకుండా నేనైతే పెట్టను. టైములు 14:30 అని చుక్కలతో వచ్చేవాళ్ళకు ఇదంతా అక్కర్లేదు, ఫార్మాట్ ఒక్కటి మారిస్తే చాలు. కొత్త షీటు ఏది చేసినా నేను 1430తో పరీక్షించడం మానేశాను. ముందు 930 కొడతాను, తర్వాత 15, తర్వాత 1230, చివరికి ఒక గడి ఖాళీగా వదిలి చూస్తాను.