మందు పంపుతో కార్లు కడుగుతూ 16 నెలలు: బరంపురం నుంచి నా సమీక్ష

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. డిగ్రీ రెండో ఏడులో ఉండగా నాన్నకి ఒంట్లో బాగోక, పొద్దున్న పూట ఏదో ఒక పని చూసుకోవాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్లకి వెళ్లి కార్లు, బైకులు కడగడం మొదలుపెట్టాను. ఇప్పటికి 16 నెలలైంది. ఇన్నాళ్లలో రెండు రకాల సామాను వాడాను. మొదటిది బ్యాటరీతో నడిచే ప్రెషర్ గన్. రెండోది మొక్కలకి మందు కొట్టే చేతి పంపు, రెండు బక్కెట్లు, పది గుడ్డలు. ఈ పనిలోకి దిగేవాళ్ల చూపు ముందు గన్ మీదే పడుతుంది. నేనూ మావయ్య దగ్గర అప్పు చేసి 7,800 రూపాయలు పెట్టి అదే కొన్నాను.

గన్ చెడ్డదని అనను. బక్కెట్లో పైపు వేస్తే నీళ్లు లాక్కుంటుంది, చక్రాల సందుల్లో మట్టిని బాగా కొడుతుంది. కానీ అపార్ట్‌మెంటు సెల్లార్‌కి అది కుదరలేదు. మన పని జరగాల్సింది తెల్లవారి అయిదున్నర నుంచి ఎనిమిది లోపు, జనం ఆఫీసులకి బయలుదేరేలోగా. ఆ వేళ సెల్లార్లో గన్ ఆన్ చేస్తే ఆ మోత మొదటి అంతస్తు దాకా వినిపిస్తుంది. నాలుగో రోజే ఒక పెద్దావిడ లుంగీ కట్టుకున్న భర్తని కిందికి పంపారు. పక్క స్తంభం దగ్గర పెట్టిన స్కూటర్ మీద మట్టి నీళ్లు పడ్డాయని ఇంకొకరు గొడవ పెట్టుకున్నారు. చాలా సెల్లార్లకి సరైన వాలు ఉండదు. ఒక్కో కారుకి నాకు రెండు బక్కెట్ల పైనే, 45 లీటర్ల దాకా నీళ్లు అయ్యేవి. అవి మూలకి చేరి మధ్యాహ్నం వరకూ నిలబడేవి. సెక్రటరీగారు నెల తిరక్కుండానే "గన్‌తో అయితే రావద్దు" అని చెప్పేశారు. ఆరో నెలకి బ్యాటరీ కూడా ఒక కారు పూర్తయ్యేలోపే దిగిపోవడం మొదలైంది. ఇప్పుడు దాన్ని సొంత ఇళ్లవాళ్ల వాకిట్లో, వానాకాలం బురద బండ్లకి మాత్రమే తీస్తాను.

చేతి పంపు వాచ్‌మన్ సలహా. ఆయన సొంతూరు ఇచ్ఛాపురం దగ్గర పల్లె. "మందు కొట్టే పంపు లేదేటి? దాంతో కొట్టు, సడీ చప్పుడూ ఉండదు" అన్నాడు. 5 లీటర్ల పంపు 750కి, 2 లీటర్లది 350కి కొన్నాను. కొత్తవే కొనాలి. పురుగుమందు పోసిన పాత పంపు ఎంత కడిగినా దాని వాసన, జిడ్డు పోవు, పైగా అది చేతికి, ఊపిరికి మంచిది కాదు. రెండు బక్కెట్లు, పది మైక్రోఫైబర్ గుడ్డలు, చేతికి తొడుక్కునే వాష్ మిట్, లీటరు కారు షాంపూ, బ్రష్షు, నీళ్లలో ఉప్పు చూసే టీడీఎస్ మీటరు అన్నీ కలిపి 3,450 అయింది. గన్ డబ్బులో సగం కూడా కాదు.

కడిగే పద్ధతి ఇది. ముందు 5 లీటర్ల పంపుకి గాలి కొట్టి, టాపు మీద నుంచి కిందికి మామూలు నీళ్లు కొడతాను. ఇంకా చేయి పెట్టను. దుమ్ము తనంతట తాను జారి కిందికి దిగాలి. తర్వాత చిన్న పంపులో కలిపిన షాంపూ నీళ్లు కారంతా కొట్టి మూడు నాలుగు నిమిషాలు వదిలేస్తాను, ఆరిపోనివ్వకుండా. అప్పుడు మిట్‌ని షాంపూ బక్కెట్లో ముంచి ఒక్కో భాగం రుద్దుతాను. ఒక భాగం అయ్యాక రెండో బక్కెట్లోని మంచినీళ్లలో మిట్‌ని జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో పెడతాను. రెండో బక్కెట్టు అడుగున పెద్ద రంధ్రాల ప్లాస్టిక్ జల్లెడ బోర్లించి ఉంటుంది. జాడించినప్పుడు ఇసుక దాని కిందికి దిగి, మళ్లీ మిట్‌కి అంటదు. పని అయ్యాక జల్లెడ ఎత్తి చూస్తే అడుగున చెంచాడు ఇసుక కనబడుతుంది. జల్లెడ లేకపోతే అది మిట్‌లోనే ఉండేది. డోర్ల కింది భాగానికి, చక్రాలకి వేరే గుడ్డ. చివర మళ్లీ 5 లీటర్లు కొట్టి తుడిచేస్తాను. అన్నీ కలిపి 22 లీటర్లు, అరగంట.

ఈ పద్ధతికి రావడానికి నేను కట్టిన ఖరీదు కూడా చెప్పాలి. మొదట్లో అందరూ అడిగేది "రోజూ తుడవాలి" అనే. ఒక్క బక్కెట్టు, ఒక్క తడిగుడ్డ, వరసగా ఎనిమిది కార్లు. నేనూ అలాగే చేశాను. నా ఖాతాల్లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, వారిది నల్ల కారు. మూడు నెలలు రోజూ తుడిచాను. సెల్లార్ వెలుతురులో అద్దంలా మెరిసేది. సంక్రాంతికి పిల్లలతో గోపాల్‌పూర్ బీచికి వెళ్లి వచ్చిన మర్నాడు నన్ను బయటికి పిలిచారు. ఎండలో బానెట్టు మీద సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు. "ఏటి బాబూ ఇది? నువ్వు తుడిచావా, గీకావా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. నాకు నోట మాట రాలేదు.

కారణం దుమ్మే. తడిగుడ్డతో ఎండు దుమ్ముని తోస్తే అందులోని ఇసుక రేణువులు రంగు పైనున్న క్లియర్ కోట్‌ని గీకుతాయి. మొదటి కారు ఇసుక ఎనిమిదో కారు దాకా అదే గుడ్డలో ప్రయాణం చేస్తుంది. తెల్ల కార్ల మీద కనబడదు కాబట్టి ఎవరూ అడగరు. నలుపు, ముదురు నీలం మీద ఎండలోనో, ఫోను టార్చి ఏటవాలుగా వేస్తేనో బయటపడుతుంది. మాస్టారి కారు పాలిష్‌కి 2,500 అయింది, సగం నేను రెండు నెలల్లో కట్టాను. గీతలు చాలావరకు పోయాయి. కానీ పాలిష్ అంటే ఆ క్లియర్ కోట్‌నే కొంచెం అరగదీయడం, మాటిమాటికీ చేయించలేం.

ఆ రోజు నుంచి రోజూ తుడిచే బేరం ఒప్పుకోవడం మానేశాను. వారానికి రెండు సార్లు పూర్తి వాష్, మధ్యలో అద్దాలు మాత్రమే. ఇలా చెప్పగానే నలుగురు మానేశారు. మిగతావాళ్లకి ఫోను టార్చి వేసి వాళ్ల కారే వాళ్లకి చూపించాను, ఒప్పుకున్నారు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఒక ముఖం మాసాక ఇంకో ముఖం తిప్పి వాడతాను. కింద పడ్డ గుడ్డ ఇంక రంగుకి తగలకూడదు, చక్రాల సంచిలోకి పోతుంది. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి వాసన ద్రవాలు వేయను. అవి పోగులకి పట్టి గుడ్డ నీరు పీల్చడం మానేస్తుంది.

రెండో తలనొప్పి నీళ్లు. మా వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే. నేను ఎక్కువగా పనిచేసే అపార్ట్‌మెంటులో మీటరు పెడితే 900 చూపించింది, మా ఇంటి మున్సిపాలిటీ కుళాయి 150 దగ్గర ఉంది. బోరు నీటి చుక్క కారు మీద ఆరితే నీరు ఆవిరైపోయి అందులోని కాల్షియం తెల్ల మచ్చగా మిగులుతుంది. వేడి బానెట్టు మీద ఇంకా తొందరగా. అందుకే ఎండలో నిలబెట్టిన కారు, అప్పుడే వచ్చి ఆగిన కారు కడగను. చివరి 5 లీటర్లు మాత్రం ఇంటి నుంచి క్యాన్లో తెచ్చుకుంటాను. కొందరు ఆర్‌ఓ యంత్రం నుంచి బయటికొచ్చే నీళ్లు దాచి ఇస్తారు. మనసు మంచిదే, కానీ ఆ నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి మొదటి దఫాకే. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం బంగారం. మీటరు మీద 20 దగ్గర చూపించాయి. వేసవిలో వాచ్‌మన్ రెండు సీసాలు పట్టి ఉంచుతాడు, అద్దాలకి అవే వాడతాను, ఒక్క గీత ఉండదు. అద్దాల మీద పాత మచ్చలుంటే తెల్ల వినిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిగుడ్డతో అద్ది, నిమిషంలో కడిగేస్తాను. రంగు మీద నెలల తరబడి ఉండిపోయిన మచ్చ దీంతో పోదు. అది అప్పటికే లోపలికి దిగి ఉంటుంది.

ఈ ఉప్పే పంపుకి కూడా శత్రువు. నాలుగో నెలలో ముక్కు దగ్గర ధార వంకరపోయి, సగం రంధ్రాలు మూసుకుపోయాయి. ముక్కు విప్పి రాత్రంతా వినిగర్‌లో నానబెడితే సరిపోయింది. ఇప్పుడు నెలకోసారి చేస్తున్నాను. పిడి దగ్గర రబ్బరు వాషర్ ఎండిపోతే ఎంత గాలి కొట్టినా నిలవదు. రెండు చుక్కలు సిలికాన్ నూనె వేయాలి, లేకపోతే పది రూపాయల వాషర్ మార్చాలి. చక్రాల మీద గట్టిపడ్డ మట్టి ఈ పంపుకి లొంగదు, బ్రష్షు పట్టాల్సిందే. పంపు కొట్టి కొట్టి మొదటి నెల భుజం నొప్పి కూడా వచ్చింది.

బైకులకి ఇదే పంపు చాలు, పావుగంట పని. ఇంజను చల్లారాక, సైలెన్సర్ మూతికి పాలిథిన్ కట్టి, తాళం రంధ్రం, స్విచ్‌ల మీద ధార పడకుండా చూసుకుంటే చాలు. పాలిష్ మాత్రం సీటుకి, టైరు నేలని తాకే చోట, బ్రేక్ డిస్క్‌కి రాయనే రాయను, అడిగినా సరే. బండి జారితే ప్రాణం మీదికి వస్తుంది. గోపాల్‌పూర్ వెళ్లొచ్చిన బైకులకి గొలుసు దగ్గర ఇసుక, ఉప్పు ఉంటాయి. అవి కడిగి తుడిచి గొలుసుకి నూనె వేయకపోతే వారంలో తుప్పు కనిపిస్తుంది.

డబ్బు సంగతి. ఇప్పుడు నా దగ్గర 16 కార్లు, నెలకి 450 చొప్పున. 18 బైకులు వారానికోసారి, 150 చొప్పున. మొత్తం 9,900. షాంపూ, గుడ్డలు, పెట్రోలు కలిపి 1,400 పోతే 8,500 మిగులుతుంది. కార్లకి వారానికి 16 గంటలు, బైకులకి నాలుగున్నర, అంటే ఆదివారం తప్ప రోజూ దాదాపు మూడున్నర గంటలు. ఎనిమిది లోపు అన్నీ అవ్వవు, ఇంట్లో ఉండేవాళ్ల బండ్లు తర్వాతికి పెట్టుకుంటాను. కాలేజీకి అడ్డు రాకుండా ఇంత వస్తే నాకు చాలా ఆసరా. దీని మీదే సంసారం నడపాలంటే మాత్రం ఒక్కడి చేతుల వల్ల కాదు. డబ్బు నెల మొదటి వారంలోనే ముందుగా తీసుకుంటాను. నెలాఖరుకి అడిగిన రోజుల్లో "పది రోజులు ఊళ్లో లేము కదా" అని కోసేవారు, పదిమంది అలా అంటే నెల ఆదాయానికి పెద్ద కోతే.

మాస్టారు మానలేదు. పాలిష్ అయ్యాక కారు తాళం చేతిలో పెట్టి, కడుగుతున్నంతసేపూ కుర్చీ వేసుకుని చూశారు. మొన్న ఆయనే పక్క బ్లాకులో వాళ్ల చెల్లెలి కారు కూడా చూసుకోమన్నారు. అదీ నల్లదే.