కుక్కలకు మనుషుల ఈసీజీ మెషిన్: ఏడేళ్లు వాడాక

గుంటూరులో మాది చిన్న పెట్ క్లినిక్. ఏడేళ్ల కిందట ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే, మూడు చానళ్ల ఈసీజీ మెషిన్ తీసుకున్నాను. మనుషుల కోసం చేసిన మెషిన్ అది. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే నా ఫిర్యాదు ఆ ఒక్క కంపెనీ మీద కాదు, ఈ తరహా మెషిన్లు వేటిమీదైనా అదే. గీత బాగా గీస్తుంది. పైన ఆటోమేటిక్‌గా ప్రింట్ చేసే డయాగ్నసిస్ లైను మాత్రం కుక్కల విషయంలో నమ్మకూడదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, మొదటి ఏడాదే నాకు బుద్ధొచ్చింది.

ఆరేళ్ల లాబ్రడార్. ఛాతీ పక్కన కొవ్వు గడ్డ తీయాలి, మత్తు ఇచ్చేముందు ఈసీజీ తీశాను. కుక్క హాయిగా పడుకుని ఉంది, నాలుక గులాబీ రంగులో ఉంది, దగ్గు లేదు, ఆయాసం లేదు. మెషిన్ మాత్రం కాగితం పైభాగాన `ATRIAL FIBRILLATION` అని కొట్టింది, అంటే గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయని. నేను కంగారుపడి ఆపరేషన్ వాయిదా వేశాను. ఓనర్‌ని ఎకో కోసం హైదరాబాద్ పంపాను. పాపం ఆయన రానూ పోనూ ఒకరోజు పోగొట్టుకుని, డబ్బు పెట్టుకుని వెళ్లాడు. ఎకో నార్మల్. అక్కడ చూసిన డాక్టర్ గారు ఫోన్ చేసి, "మీ స్ట్రిప్ మీ దగ్గరే ఉందా? సెకండ్ లీడ్‌లో ప్రతి క్యూఆర్ఎస్ ముందు చూడండి, పి వేవ్ కనబడటం లేదూ?" అన్నారు. కనబడుతోంది. పి వేవ్ అంటే గుండె పై గదుల చిన్న అల, క్యూఆర్ఎస్ అంటే దాని వెనక వచ్చే కింది గదుల ముల్లు, ఆర్ ఆ ముల్లు కొస. పై లైను చదివి, గీత చదవకుండా వదిలేశాను.

ఆ స్ట్రిప్ ఇంకా నా దగ్గరుంది. సెకనుకు 50 మిల్లీమీటర్ల స్పీడులో తీసింది, అంటే ఒక్కో చిన్న గడి 0.02 సెకను. స్కేలుతో ఆర్ నుంచి ఆర్‌కి కొలిస్తే వరసగా 44, 38, 29, 25, 27, 36, 45, 39, 30, 26 మిల్లీమీటర్లు. మొదట చూస్తే చెల్లాచెదురుగా ఉన్నట్టే ఉంటుంది. కానీ అంకెలు పైకి చదవండి: పెద్ద దగ్గర మొదలై మెల్లగా తగ్గి, మళ్లీ మెల్లగా పెరిగి, మళ్లీ తగ్గుతున్నాయి. 44 నుంచి తిరిగి 45 దాకా దాదాపు 200 మిల్లీమీటర్లు, అంటే 4 సెకన్లు. ఆ కుక్క నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తోంది. లెక్క సరిపోయింది కదా! ఊపిరి లోపలికి తీసినప్పుడు వేగస్ నరం పట్టు సడలి గుండె తొందరపడుతుంది, బయటికి వదిలినప్పుడు నిదానిస్తుంది. ఇదే సైనస్ అరిథ్మియా. ప్రశాంతంగా ఉన్న ఆరోగ్యమైన కుక్కలో మామూలు విషయం, పగ్‌ల వంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఇంకా ఎక్కువ.

మెషిన్ ఎందుకు బోల్తా పడిందో తర్వాత అర్థమైంది. ఇలాంటి కుక్కల్లో పి వేవ్ ఎత్తు కూడా ఊపిరితో పాటు మారుతుంది. ఊపిరి తీసేటప్పుడు నిలువుగా, పొడుగ్గా వస్తుంది, వదిలేటప్పుడు చదునవుతుంది. ఒక్కోసారి గీతలో కలిసిపోతుంది. దీన్ని వాండరింగ్ పేస్‌మేకర్ అంటారు, ఇదీ జబ్బు కాదు. మనుషుల కోసం రాసిన ప్రోగ్రాముకు మాత్రం తేడాగా వచ్చే ఆర్-ఆర్, దొరకని పి వేవ్, ఈ రెండూ కలిస్తే ఫిబ్రిలేషనే.

ఈ తలనొప్పి తగ్గించుకోవడానికి సెట్టింగులు మార్చుకున్నాను. కుక్కని కుడిపక్కకి పడుకోబెట్టి, స్టీలు టేబుల్ మీద రబ్బరు మ్యాట్ వేస్తాను. ఎర్ర వైరు కుడి ముందుకాలికి, పసుపు ఎడమ ముందుకాలికి, ఆకుపచ్చ ఎడమ వెనకకాలికి, నలుపు కుడి వెనకకాలికి. మెషిన్‌తో వచ్చిన ప్లాస్టిక్ బిగింపులు కుక్క కాలికి పట్టవు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మొసలి క్లిప్పులు కొని, పళ్లు ఆకురాయితో అరగదీయించాను. అలా చేయకపోతే కుక్క ఒక్క నిమిషం కూడా ఊరుకోదు. స్పిరిట్ త్వరగా ఆరిపోతుంది, జెల్ రాస్తే చాలాసేపు ఉంటుంది. మజిల్ ఫిల్టర్ ఆపేయాలి, లేకపోతే ఆర్ వేవ్ ఎత్తు తగ్గిపోయి, చిన్న చిన్న అలలు మాయమవుతాయి. `AUTO` మోడ్ వద్దు. అది ఒక్కో లీడ్‌కి కొన్ని సెకన్లే ఇస్తుంది. `MANUAL` పెట్టి, సెకండ్ లీడ్‌ని కనీసం నిమిషంపాటు నడవనివ్వాలి. కాగితం ఖర్చవుతుంది, అవనివ్వండి.

ఇక అసలైన ఫిబ్రిలేషన్ ఎలా ఉంటుందో రెండో ఏడాది చూశాను. ఆరేళ్ల గ్రేట్ డేన్, 58 కిలోలు. పొట్టలో నీరు, తిండి మానేసింది, రాత్రిళ్లు దగ్గు. స్టెత్ పెడితే గుండె కొట్టుకోవడం ఒక తాళానికి కట్టుబడనట్టు, సంచిలో చెప్పులు దొర్లినట్టుంది. మా అసిస్టెంట్ తొడ లోపల పల్స్ పట్టుకున్నాడు, నేను గుండె వింటున్నాను. "సార్, నాకు 130కి మించి రావడం లేదు," అన్నాడు. నాకు 200 వస్తున్నాయి. మిగతా 70 దెబ్బల్లో గుండె నిండకముందే ముడుచుకుంది, అందుకే తొడ దాకా రక్తం చేరలేదు. ఈసీజీ తీయకముందే సగం డయాగ్నసిస్ అయిపోయింది.

స్ట్రిప్‌లో ఆర్-ఆర్‌లు: 13, 17, 12, 15, 21, 13, 11, 16, 14, 12, 18. పదకొండు అంతరాలకు 162 మిల్లీమీటర్లు, అంటే 3.24 సెకన్లు, నిమిషానికి 204. ఈ అంకెల్లో ఎక్కడైనా పెరగడం, తగ్గడం అనే క్రమం దొరికిందా? నాకు దొరకలేదు. చిన్న కాగితం ముక్క అంచుని గీత కింద పెట్టి, నాలుగు ఆర్‌ల దగ్గర పెన్నుతో గుర్తులు పెట్టి, ముక్కని కుడికి జరుపుతూ పోవడం నా పద్ధతి. సైనస్ అరిథ్మియాలో ఒక శ్వాస చక్రం దాటాక గుర్తులు మళ్లీ దాదాపు కలుస్తాయి. ఇక్కడ ఎంత జరిపినా కలవవు. క్యూఆర్ఎస్ మాత్రం సన్నగానే ఉంది, ముందు పి వేవ్ లేదు, గీత సన్నగా వణుకుతోంది. తమాషా ఏంటంటే ఈసారి మెషిన్ `SINUS TACHYCARDIA` అని కొట్టింది!

ఆ వణుకే ఒక ఉచ్చు. కుక్క భయంతో వణికినా, కండరాలు బిగుసుకున్నా గీత అలాగే ఉంటుంది. కాబట్టి వణుకు చూసి ఫిబ్రిలేషన్ అనకూడదు, ఆర్-ఆర్ చూసి అనాలి. ఇంకో ఉచ్చు, వేగంగా కొట్టుకునే గుండెలో పి వేవ్ ముందున్న టి వేవ్‌లో దాక్కుంటుంది. అప్పుడు ఫస్ట్, థర్డ్ లీడ్లు, ఏవీఎఫ్ కూడా చూడాలి. నిజంగా సైనస్ టాకీకార్డియా అయితే ఆర్-ఆర్ దాదాపు ఒకేలా ఉంటుంది. అనుమానం తీరకపోతే, ఆయాసం లేని కుక్కని మాత్రమే వాకిట్లో రెండు నిమిషాలు పరుగెత్తించి మళ్లీ వినండి. సైనస్ అరిథ్మియా ఆ పరుగుకి పోతుంది, తాళం సరిపడుతుంది. ఫిబ్రిలేషన్ ఇంకా గజిబిజి అవుతుంది. ఆ గ్రేట్ డేన్‌ని మాత్రం ఒక్క అడుగు కూడా నడిపించలేదు. గుండె వైఫల్యం మందులతో పాటు డిల్టియాజెమ్, డిగాక్సిన్ మొదలుపెట్టాం. ఇలాంటి కేసుల్లో లయని మామూలుకి తేవడం కన్నా రేటు తగ్గించడమే లక్ష్యం.

మూడోది వెంట్రిక్యులర్ ప్రీమెచ్యూర్ బీట్, అంటే కింది గది నుంచి ముందుగానే వచ్చే దెబ్బ, మేం వీపీసీ అంటాం. తొమ్మిదేళ్ల జర్మన్ షెపర్డ్‌కి ప్లీహంలో గడ్డ పగిలి రక్తస్రావమైతే ప్లీహం తీసేశాం. మర్నాడు పొద్దున కుక్క ఓనర్ గారి భార్య, "డాక్టర్ గారూ, ఛాతీ మీద చెయ్యి పెడితే ఒక్కోసారి ఆగినట్టు తెలుస్తోందండీ," అన్నారు. ఆవిడ చెయ్యి నా స్టెత్‌కన్నా ముందు పట్టింది.

స్ట్రిప్‌లో మామూలు ఆర్-ఆర్ 25 మిల్లీమీటర్లు, చక్కగా ఒకే లెక్క. ఒకచోట మాత్రం 16కే ఒక దెబ్బ వచ్చింది. ముందు పి వేవ్ లేదు, ఆకారం వెడల్పుగా, వికారంగా ఉంది, టి వేవ్ పెద్దది, ఎదురుదిక్కుకి. వెడల్పు 4 మిల్లీమీటర్లు, అంటే 0.08 సెకను. అదే కుక్క మామూలు క్యూఆర్ఎస్ రెండున్నర మిల్లీమీటర్లే. ఆ దెబ్బ తర్వాత 34 మిల్లీమీటర్ల విరామం. 16, 34 కలిపితే 50, అంటే సరిగ్గా రెండు 25లు. గుండెకి లయ ఇచ్చే సైనస్ నోడ్ తన లెక్క తప్పలేదు, మధ్యలో వెంట్రికిల్ దూరింది, అంతే. అయితే ఈ కూడిక లెక్క గుండె లయ నిలకడగా ఉన్నప్పుడే పనికొస్తుంది. సైనస్ అరిథ్మియా ఉన్న కుక్కలో విరామం కొలిచి ఏమీ తేల్చలేం, అక్కడ వెడల్పు, ఆకారం, ముందు పి వేవ్ లేకపోవడమే ఆధారం. సెకనుకు 25 మిల్లీమీటర్ల స్పీడులో ఇదే స్ట్రిప్ చూస్తే 2 మిల్లీమీటర్లకూ ఒకటింబావుకూ తేడా పట్టాలి. నా కళ్లకి అది కుదరదు, అందుకే 50 పెట్టమనేది.

అక్కడక్కడా ఒకటి వస్తోంది, కుక్క లేచి తిరుగుతోంది కాబట్టి ఈ దెబ్బల్ని అణిచే లిడోకైన్ ఇవ్వలేదు. పొటాషియం, నొప్పి, రక్తం చూసుకుంటూ గమనించాం. ప్లీహం తీసిన తర్వాత ఇవి రావడం తరచూ చూస్తాం. ఒకదాని వెంట ఒకటి పరుగులా వచ్చి, నిమిషానికి 180 దాటి, పల్స్ బలహీనపడితే అప్పుడు లిడోకైన్ కిలోకి 2 మిల్లీగ్రాముల లెక్కన నెమ్మదిగా నరంలోకి. మూడోరోజుకి వాటంతటవే తగ్గిపోయాయి.

ఇందులో మెషిన్ తీర్చలేని లోటు ఒకటుంది. నిమిషం స్ట్రిప్‌లో ఏమీ కనబడలేదంటే ఏమీ లేదని కాదు. డాబర్‌మన్‌లలో 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ ఈసీజీలో 50కి మించి వీపీసీలు వస్తే లోపల డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం బలహీనపడి సాగిపోయే జబ్బు, దాగి ఉందేమోనని అనుమానించాలి. అంటే గంటకి రెండు. అంత అరుదైన వాటిని నా నిమిషం స్ట్రిప్ పట్టుకోవడం లాటరీ తగలడంతో సమానం. డాబర్‌మన్, బాక్సర్ కళ్లు తిరిగి పడిపోయిందంటే, స్ట్రిప్ శుభ్రంగా ఉన్నా హోల్టర్‌కి పంపుతాను.

ఇంకో చికాకు థర్మల్ కాగితం. ఎండాకాలం బీరువాలో పెట్టినవి రెండేళ్లకే తెల్లబోయాయి. ఇప్పుడు తీయగానే ఫోన్‌లో ఫొటో తీసి, కుక్క పేరుతో దాచుకుంటాను. హార్ట్ రేట్ అంకె కూడా నమ్మను. కొన్ని కుక్కల్లో పెద్ద టి వేవ్‌ని కూడా లెక్కేసి రేటు రెట్టింపు చూపించింది. 150 మిల్లీమీటర్లలో, అంటే 3 సెకన్లలో, ఎన్ని ఆర్‌లు ఉన్నాయో లెక్కపెట్టి 20తో హెచ్చవేస్తాను. మామూలు పెన్ను ఒకటి దాదాపు అంతే పొడుగుంటుంది, గీత మీద పెడితే చాలు.

మళ్లీ కొనాలంటే? ఇదే తరహాది కొంటాను, డయాగ్నసిస్ లైను ఆపేసుకునే వీలుంటే. నా మెషిన్‌లో ఆ సెట్టింగ్ ఎక్కడుందో కనుక్కోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు కాగితం పైభాగం ఖాళీగా వస్తుంది. "ఏం రాలేదేంటండీ?" అని ఓనర్లు అడిగితే, బల్ల మీద స్కేలు తీసి వాళ్ల ముందే కొలిచి, నా పెన్నుతో రాసిస్తాను.