గోంగూర, గ్యాస్ సిలిండరు, మూడు జవాబులు: ఏడాదిన్నర వాడాక నా అనుభవం

హింజ్ అనే డేటింగ్ యాప్‌ను హైదరాబాద్‌లో ఏడాదిన్నర వాడాను. ఇది యాప్ మీద సమీక్ష కాదు. అందులో ప్రొఫైల్ కోసం మనం రాసే జవాబుల మీద, వాటిని రాసే పద్ధతి మీద సమీక్ష. మొదటి ఆరు నెలలు ఒక రకంగా రాశాను, తర్వాతి ఏడాది ఇంకో రకంగా రాశాను. ఫొటోలు దాదాపు అవే, మనిషినీ నేనే. వచ్చిన పలకరింపులు మాత్రం పూర్తిగా మారిపోయాయి.

తెలియనివారికి రెండు మాటలు. ఇక్కడ ‘నా గురించి’ అని పెద్ద పేరా రాసుకునే పద్ధతి లేదు. యాప్ ఇచ్చే ప్రశ్నల జాబితా నుంచి మూడింటిని ఎంచుకుని జవాబులు రాయాలి. ఒక్కో జవాబుకు 150 అక్షరాలే హద్దు. అవతలివారు లైకు కొట్టేది మొత్తం ప్రొఫైల్‌కు కాదు, ఒక ఫొటోకో ఒక జవాబుకో. దానికి ఒక వ్యాఖ్య కూడా జోడించవచ్చు. అసలు కీలకం ఇక్కడే ఉంది. జవాబు మన గుణగణాల పట్టిక కానక్కర్లేదు, ముక్కూ మొహం తెలియని మనిషి మాట కలపడానికి ఒక ఊతం అయితే చాలు.

నా మొదటి జవాబులు ఇవి: ‘ప్రయాణాలన్నా మంచి భోజనమన్నా ఇష్టం’, ‘నిజాయతీ, హాస్యప్రియత్వం ఉన్నవారు నచ్చుతారు’, ‘ఆదివారమంటే బిర్యానీ, సినిమా, నిద్ర’. వీటిలో అబద్ధం లేదు. కానీ పక్కింటి అబ్బాయి ప్రొఫైల్‌లో పెట్టినా అతికినట్టు సరిపోతాయి. ఈ అలవాటు మనకు పెళ్లి సంబంధాల బయోడేటా నుంచి వచ్చిందని నా నమ్మకం. ‘సంప్రదాయం, ఆధునికత కలగలిసిన కుటుంబం’ అనే వాక్యం ఎన్ని వేల ఇళ్ల నుంచి వెళ్లి ఉంటుందో! అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పకుండా ఉండటమే లక్ష్యం కాబట్టి అది చెల్లింది. ఇక్కడ అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేకపోతే మాట్లాడటానికీ ఏమీ ఉండదు. ఆ ఆరు నెలల్లో వచ్చిన కొద్దిపాటి లైకులన్నీ ఫొటోలకే వచ్చాయి. వెంట ఒక ‘హాయ్’ వచ్చేది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు.

మార్పు ఆదివారం ప్రశ్నతో మొదలైంది. ‘బిర్యానీ, సినిమా, నిద్ర’ కొట్టేసి, కిందటి ఆదివారం నిజంగా ఏం చేశానో కాగితం మీద రాసుకున్నాను. రైతు బజారుకు వెళ్లాను, గోంగూర కొన్నాను, అమ్మతో ఫోనులో మాట్లాడాను. మొదట ‘పొద్దున్నే రైతు బజారుకు వెళ్తాను’ అని రాశాను. ముందుకన్నా నయమే కానీ ఇంకా చప్పగానే ఉంది. అప్పుడు ఆ ఫోను సంభాషణ గుర్తొచ్చింది. చివరికి నిలిచిన జవాబును తెలుగులో చెప్పాలంటే ఇది: ‘రైతు బజారులో గోంగూర కొనడం. ఎర్రకాడది మానేసి తెల్లకాడది ఎందుకు తెచ్చావని అమ్మ ఫోనులో జరిపే విచారణకు హాజరు కావడం.’ యాప్‌లో ఇంగ్లీషులోనే రాశాను గానీ గోంగూరను మాత్రం గోంగూరగానే ఉంచాను.

ఇందులో నవ్వించే ప్రయత్నం విడిగా ఏమీ లేదు. ఉన్న కాస్త నవ్వూ ‘విచారణకు హాజరు’ అన్న మాటలోంచి వచ్చిందే, అది జరిగిన విషయమే. పైగా ఆ రెండు వాక్యాల్లో పట్టుకోవడానికి మూడు కొసలున్నాయి: బజారు, గోంగూర, అమ్మ. ఎవరికి ఏది దగ్గరైతే దాన్ని అందుకుంటారు. గుంటూరు వైపు అమ్మాయి ఒకరు ‘మీ అమ్మగారిదే న్యాయం, పచ్చడికి పులుపు ఎర్రకాడదే’ అని రాసింది. మరాఠీ మాట్లాడే నాగపూర్ అమ్మాయి గోంగూర అంటే ఏమిటని అడిగింది. ఫొటో పంపితే ‘ఇది మా అంబాడీ కదా! మేం భాజీ చేసుకుంటాం’ అంది. ఆకు ఒక్కటే, వంట వేరు. ఆ రాత్రి గంటసేపు పులుపు గురించే మాట్లాడుకున్నాం, రెండు వారాలకు కలుసుకున్నాం. ‘మంచి భోజనం ఇష్టం’ అన్న వాక్యం మీద ఏ నాగపూర్ మనిషి గంటసేపు మాట్లాడుతుంది?

రెండోది, ఏ విషయంలో అతిగా పోటీపడతారన్న ప్రశ్న. క్రికెట్ అనో చదరంగం అనో రాయబోయి ఆగాను. మా ఇంట్లో నేనూ నా గదిమిత్రుడూ గ్యాస్ సిలిండరు మార్చిన తేదీని గోడ క్యాలెండరు మీద రాస్తాం. కాబట్టి ఇలా రాశాను: ‘సిలిండరు ఎన్ని రోజులు వచ్చిందన్న విషయంలో. ఇప్పటి రికార్డు 71 రోజులు.’ అంకె ఉండటం బాగా పనిచేసింది. అంకె కనబడితే మనిషి తన అంకె చెప్పకుండా ఉండలేడు. ‘మాది 83, ముగ్గురం’ అని ఒకరు, ‘పప్పు కుక్కర్‌లో వండుతారా, గిన్నెలోనా? ముందు అది చెప్పండి’ అని ఇంకొకరు రాశారు.

తప్పులూ చేశాను. ‘ఆవకాయ నా మొదటి ప్రేమ, మీరు రెండోవారు’ అని కొన్నాళ్లు పెట్టాను. నవ్వు బొమ్మలు చాలా వచ్చాయి, సంభాషణ ఒక్కటీ సాగలేదు. అది తనంతట తాను ముగిసిపోయిన జోకు, అవతలివారికి నవ్వడం తప్ప పని మిగల్చలేదు. పైగా ఎవరి ఆవకాయకైనా సరిపోతుంది. తేడా కనిపెట్టడం తేలికే. వచ్చిన వ్యాఖ్యల్లో ప్రశ్న గానీ, వాదన గానీ, వారి సొంత సంగతి గానీ ఉంటే జవాబు పనిచేస్తున్నట్టు. ఒట్టి నవ్వే ఉంటే మార్చాల్సిందే.

రెండో తప్పు ఇంకా పెద్దది. వివరం ఉండాలన్న ఉత్సాహంలో రోజూ ఏ టిఫిన్ బండి దగ్గర, ఎన్ని గంటలకు ఇడ్లీ తింటానో పేరుతో సహా రాశాను. ఒక స్నేహితురాలు చూసి, ‘ఇది చదివినవాళ్లెవరైనా రేపు పొద్దున నీ పక్కన నిలబడవచ్చు, ఆలోచించావా?’ అంది. అదే రోజు తీసేశాను. ఆడవాళ్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. అలవాటు గురించి ఎంత వివరమైనా రాయవచ్చు. చోటు, వేళ, ఆఫీసు పేరు రాయకూడదు. ‘రైతు బజారు’ అంటే చాలు, ఏ రైతు బజారో అక్కర్లేదు.

మూడు జవాబులూ సరదాగా ఉంటే వచ్చే చిక్కు కూడా చూశాను. నాగపూర్ అమ్మాయే తర్వాత ఒకసారి చెప్పింది: గోంగూర, సిలిండరు, ఆవకాయ వరసగా చదివాక ‘ఈ మనిషి ఇక్కడికి ఊసుపోక వచ్చాడా?’ అనిపించిందట. అప్పటి నుంచి మూడో జవాబును సూటిగా రాశాను: ‘పెళ్లి ఉద్దేశంతోనే వచ్చాను. తొందర లేదు. మొదటి నెలలోనే ఇంట్లోవాళ్లకు చెప్పమని అడగను.’ దీనికి లైకులు తక్కువే వచ్చాయి. కానీ కలిసినవాళ్లలో చాలామంది ఇది చదివాకే రావాలనుకున్నామని చెప్పారు.

ఈ పద్ధతి అన్నిటికీ మందు కాదు. ముందు చూసేది ఫొటోలనే, మసక ఫొటోను ఏ గోంగూరా కాపాడదు. తెలుగువాళ్లకే తెలిసే సంగతులు మూడింటిలోనూ పెడితే మిగతావాళ్లు దాటిపోతారు. రాసింది నిజమై ఉండటం అన్నిటికన్నా అవసరం. మొదటిసారి ఇంటికి వచ్చిన ఆ నాగపూర్ అమ్మాయి, చెప్పులు విడవగానే వంటగదిలోకి నడిచి క్యాలెండరు ఎక్కడుందని అడిగింది. సిలిండరు అప్పటికి 52వ రోజు.