మూడు కుర్చీల సెలూన్‌లో రసాయనాల అల్మరా, చెత్త డబ్బాలు: రెండేళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఏర్పాటు చిన్నదే. ఒక స్టీలు అల్మరా, అందులో నాలుగు లోతైన ప్లాస్టిక్ ట్రేలు, మూత లేని పది లీటర్ల బకెట్ ఒకటి, కాలితో నొక్కే మూత ఉన్న లోహపు డబ్బా ఒకటి, బ్లేడ్లకు గట్టి ప్లాస్టిక్ డబ్బా, ఒక గ్రాముల తూకం, ఒక నోట్‌బుక్. ఈ రెండేళ్లలో తేలిందేమిటంటే, ఇబ్బందుల్లో చాలా భాగం మూత దగ్గరే వస్తాయి. బిగించకూడని దాన్ని బిగిస్తారు, బిగించాల్సిన దాన్ని వదిలేస్తారు.

ముందు మిగిలిపోయిన బ్లీచ్ మిశ్రమం సంగతి. 20 వాల్యూమ్ డెవలపర్ అంటే ఆరు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అది పూర్తిగా విడిపోతే ఒక్కో మిల్లీలీటరు నుంచి ఇరవై మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుంది. వాల్యూమ్ అనే పేరు అక్కడిదే. ముప్పై గ్రాముల పౌడర్‌కి అరవై మిల్లీలీటర్ల డెవలపర్ కలిపి, అందులో మూడో వంతు మిగిలిందనుకోండి. దానిలో ఇరవై మిల్లీలీటర్ల డెవలపర్ ఉంటుంది, అంటే నాలుగు వందల మిల్లీలీటర్ల వాయువు. సగం అప్పటికే పోయిందనుకున్నా ఇంకా రెండు వందలు రావాలి. సాయంత్రం పనికొస్తుందని దాన్ని చిన్న అప్లికేటర్ సీసాలో పోసి మూత బిగిస్తే, లోపల ఖాళీ వంద మిల్లీలీటర్లు కూడా ఉండదు. సీసా ఉబ్బుతుంది, మూత ఎగురుతుంది, క్రీమ్ కళ్లలో పడుతుంది. కలిపింది దాచుకునే వస్తువు కాదు.

అందుకే మూత లేని బకెట్ పెట్టాం. ఉదయాన్నే అందులో అయిదు లీటర్ల నీళ్లు పోస్తాం. గిన్నెలో మిగిలింది స్పాచులాతో గీకి అందులో వేసి కలపాలి. బ్లీచ్ అంటిన టిష్యూలు, దూది, ఫాయిల్ కూడా ముందు అందులో ముంచాకే చెత్తకు వెళ్లాలి. ఫాయిల్‌ని మడత పెట్టి అలాగే పడేస్తే లోపలి క్రీమ్ వేడిగా పని చేస్తూనే ఉంటుంది. బ్లీచ్ పౌడర్‌లోని పర్సల్ఫేట్ మంటకు ఆక్సిజన్ అందించే పదార్థం, దాని పక్కన ఎండిన కాగితం, జుట్టు ఉండకూడదు. కడిగిన ఫాయిల్ పొడి చెత్తకు పోతుంది. బకెట్ రాత్రంతా తెరిచే ఉంచి, మర్నాడు కుళాయి నీళ్లు వదులుతూ డ్రైనేజీ లైన్‌కి కలిసిన బేసిన్‌లో నెమ్మదిగా వంపాలి. రోడ్డు పక్క వాన కాలువలో పోయకూడదు. సెప్టిక్ ట్యాంక్ ఉన్న చోట ఈ పద్ధతి అంత బాగా నడవదు. పెరాక్సైడ్ అక్కడి బ్యాక్టీరియాను చంపుతుంది కాబట్టి, మిగిలేదాన్ని తగ్గించడమే దారి.

తగ్గించడానికి తూకమే ఉపయోగపడింది. గిన్నెలో మిగిలింది తూచి నోట్‌బుక్‌లో రాస్తే రెండు వారాల్లో లెక్క బయటపడుతుంది. రూట్ టచప్‌కి నలభై గ్రాముల కలర్, అరవై డెవలపర్ కలుపుతూ ప్రతిసారీ ముప్పై గ్రాములు మిగులుతుంటే, కావలసింది డెబ్బయ్యే. అదే నిష్పత్తిలో ఇరవై ఎనిమిది, నలభై రెండు సరిపోతాయి. మొత్తం ఏర్పాటులో మాకు బాగా నచ్చింది ఈ తూకమే.

ఇక అల్మరా. ఇందులో మొదట చేసిన ఎంపిక తప్పయింది. డెవలపర్ సీసాలను నేరుగా స్టీలు అరల మీద పెడితే, కారిన చుక్కలకు పెయింట్ లేచి తుప్పు పట్టింది. తుప్పు పొడి సీసాలో పడితే పెరాక్సైడ్ ఇంకా త్వరగా విడిపోతుంది. ప్లాస్టిక్ ట్రేలు వేశాక ఆ బాధ తప్పింది. ట్రే లోతు దానిలో ఉన్న అతి పెద్ద సీసా మొత్తం ఒలికినా పట్టేంత ఉండాలి. లీటరు సీసాలున్న చోట లీటరున్నర పట్టే ట్రే చాలు. డెవలపర్‌ని దాని అసలు సీసాలో, అసలు మూతతో, నిలబెట్టే ఉంచాలి. కొలిచాక మిగిలిన డెవలపర్‌ని తిరిగి సీసాలో పోయకూడదు. అందులో రవ్వంత పౌడర్ చేరినా సీసా మొత్తం పాడవుతుంది. సీసా పక్కలు బిగుసుకుని ఉబ్బితే అదే దానికి గుర్తు. అలాంటిది చేతికి వెచ్చగా తగిలితే తెరవొద్దు. బయట, మనుషులు తిరగని చోట నీళ్ల బకెట్‌లో పెట్టి దూరంగా ఉండాలి. ఉబ్బకుండా, గడువు మాత్రమే దాటిన లీటరు సీసాని రెండు విడతల్లో, మొత్తం పది లీటర్ల నీళ్లలో కలిపి పైన చెప్పినట్టే వంపవచ్చు.

మన దగ్గర మాట వల్ల వచ్చే ప్రమాదం ఒకటుంది. జుట్టుకు వాడేది బ్లీచ్ పౌడర్, కాలువల్లో చల్లేది బ్లీచింగ్ పౌడర్. ఊడ్చడానికి వచ్చే అమ్మాయికి రెండూ ఒకటే అనిపించడంలో తప్పేమీ లేదు. రెండోది క్లోరిన్ ఇచ్చేది, అమ్మోనియా ఉన్న కలర్‌తో కలిస్తే ఊపిరాడనివ్వని వాయువు వస్తుంది. అందుకే నేల శుభ్రం చేసే క్లోరిన్ సరుకు, టాయిలెట్ యాసిడ్ ఈ అల్మరాలోకి రావు. యాసిడ్, క్లోరిన్ కూడా ఒకదాని పక్కన ఒకటి ఉండవు. డబ్బాల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ‘జుట్టుకు’, ‘నేలకు’ అని రాసి అంటించాం, తికమక ఆగిపోయింది. దేన్నీ తాగునీటి సీసాలోకి మార్చవద్దు.

అసిటోన్‌ది కలిపిన బ్లీచ్‌కి పూర్తిగా వ్యతిరేకం. మూత ఎప్పుడూ బిగించే ఉండాలి. గది వేడికే అంటుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. వ్యాక్స్ హీటర్ ప్లగ్గు నేలకు దగ్గరగా ఉన్న సెలూన్లో ఇది చూసుకోవాలి. నెయిల్ దూది లోహపు డబ్బాలో వేసి, ప్రతి రాత్రీ కవరు ముడివేసి బయటకు పంపాలి. అసిటోన్ బేసిన్‌లో పోస్తే పీవీసీ పైపు అతుకులు మెత్తబడతాయి. స్ప్రే డబ్బాలు కూడా ఈ పక్కనే, ఎండ తగలకుండా ఉంటాయి. ఖాళీ అయినా పొడవకూడదు.

బ్లేడ్ల దగ్గర ఈ ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదరలేదు. రేజర్‌లో పెట్టే సగం బ్లేడు కాగితంలో చుడితే చెత్త సంచి పట్టుకున్న వాళ్ల చెయ్యి తెగుతుంది. పల్చటి నీళ్ల సీసా కూడా చీలుతుంది. ఫ్లోర్ క్లీనర్ వచ్చే మందపాటి డబ్బాకి సన్నటి చీలిక పెట్టి, మూత జిగురుతో మూసేశాం. తిరిగి తెరవకూడదు. ముప్పావు నిండగానే చీలికలోంచి పల్చగా కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తే లోపల గడ్డ కడుతుంది, పైన ‘బ్లేడ్లు’ అని రాయాలి. చిక్కంతా ఇచ్చే చోటే. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలు విడిగా ఇవ్వాలన్నాయి, వాడిన సూదుల్లాంటివి మూడో రకంలో చేర్చాయి. చెత్త బండిలో ఆ మూడో గడి లేకపోతే డ్రైవర్ తీసుకోడు. తడి చెత్తలో దాచిపెట్టకుండా, వార్డు పారిశుద్ధ్య సిబ్బందిని అడిగి వాళ్లు చెప్పిన చోట ఇచ్చి, తేదీ, తీసుకున్నవారి పేరు నోట్‌బుక్‌లో రాయించుకోవాలి.

తనిఖీకి వచ్చినవారికి చూపించడానికీ ఆ నోట్‌బుక్కే. సీసా తెరిచిన తేదీ, పారబోసిన పరిమాణం, బ్లేడ్ల డబ్బా ఎవరికిచ్చాం, ఈ మూడు గడులు చాలు. సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర సేఫ్టీ డేటా షీట్లు అడిగి తీసుకుని ట్రేడ్ లైసెన్స్ ఫైల్లోనే పెట్టుకున్నాం. మళ్లీ మొదటినుంచి పెట్టాల్సి వస్తే స్టీలు అల్మరా బదులు గాలి ఆడే చిల్లులున్న ప్లాస్టిక్ కప్‌బోర్డ్ కొంటాం, అసిటోన్‌కి మాత్రం విడిగా చిన్న లోహపు పెట్టె.