డిస్లెక్సియా ఉన్న పిల్లల్ని యూకే పంపుతున్నారా? "ఫారంలో దాచండి, వెళ్లాక డబ్బులొస్తాయి" అనేవాళ్లతో జాగ్రత్త

మా తమ్ముడికి డిస్లెక్సియా. ఐదో తరగతిలో తెలిసింది. ఇప్పటికీ ఏదైనా చదవాలంటే లైను కింద బస్ టికెట్టో, స్కేలో పెట్టుకుని జరుపుకుంటూ చదువుతాడు. తెలివికేం తక్కువ లేదు, టైం ఎక్కువ పడుతుంది, అంతే. ఇంటర్ పరీక్షల్లో మూడు గంటల పేపర్‌కి గంట అదనంగా ఇచ్చారు. బీటెక్ ఎలాగో గట్టెక్కాక 2024 సెప్టెంబర్‌కి ఇంగ్లండ్‌లో ఏడాది ఎంఎస్సీకి పంపాం. మధ్యలో ఒక కన్సల్టెన్సీ మాకు "స్పెషల్ సపోర్ట్ ప్యాకేజీ" అంటగట్టింది. మామూలు ఫీజు కాకుండా దానికే 60 వేలు కట్టాం. నా గోడు వెళ్లబోసుకోవడానికి కాదు ఈ పోస్టు. వాళ్లు చెప్పిన రెండు మాటలూ ఎక్కడ తప్పో చూపిద్దామని రాస్తున్నా.

మొదటి మాట: "అప్లికేషన్‌లో డిజెబిలిటీ ఉందా అని అడుగుతారు, లేదు అని పెట్టండి సార్. మెడికల్ ఇష్యూ ఉందని తెలిస్తే వీసా రిజెక్ట్ అవుతుంది." రెండోది: "అక్కడికి వెళ్లాక డీఎస్ఏకి మేమే అప్లై చేస్తాం." అంటూ కౌన్సెలర్ ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ అది. నకిలీది కాదు, అసలుదే. డిజేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్, ఏడాదికి దాదాపు 27 వేల పౌండ్ల వరకు అని ఉంది. మా నాన్న మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకున్నారు. అదే పేజీలో కాస్త కిందికి వెళ్తే ఎవరికి ఇస్తారో రాసి ఉంటుంది. మేం కిందికి వెళ్లలేదు, అతను వెళ్లనివ్వలేదు.

డీఎస్ఏ అక్కడి స్థానిక విద్యార్థుల కోసం. అక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లు, శరణార్థి హోదా ఉన్నవాళ్లు, ఇంకా అలాంటి కొందరికే వస్తుంది. ఇక్కడి నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు రాదు. వచ్చేవాళ్లకు కూడా అది జేబులో పెట్టుకునే డబ్బు కాదు. ఎంత వైకల్యం ఉంటే అంత సొమ్ము అనే లెక్క లేదు. ఏం అవసరమో అంచనా వేసి, ఆ సాఫ్ట్‌వేర్‌కో, పక్కన కూర్చుని సాయపడే మనిషికో ఎక్కువగా నేరుగా కట్టేస్తారు. ఆ 27 వేలు అనేది అప్పటి గరిష్ఠ పరిమితి. కాబట్టి ఎవరైనా స్టూడెంట్ వీసా వాళ్లకు డీఎస్ఏ ఇప్పిస్తామంటే అక్కడే లేచి వచ్చేయండి.

వీసా భయం సంగతి. మనవాళ్లు ఆరు నెలలకు మించి వెళ్తే టీబీ టెస్ట్ అడుగుతారు. డిస్లెక్సియాకూ దానికీ సంబంధమే లేదు. యూనివర్సిటీ ఫారంలో ఉండే ఆ ప్రశ్న సాయం ఏర్పాటు చేయడానికి. 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం వైకల్యం ఉందని సీటు నిరాకరించడం చట్టవిరుద్ధం. అదే చట్టం కింద యూనివర్సిటీ సహేతుకమైన సర్దుబాట్లు చేయాలి, వాటి ఖర్చు విద్యార్థి మీద వేయకూడదు. వీసా మీద వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. (ఉత్తర ఐర్లండ్‌కి వేరే చట్టం ఉంది.) అంటే మాకు రాని డబ్బు చూపించి, ఉచితంగా వచ్చే హక్కును దాచిపెట్టించారు. అదీ మా దగ్గర ఫీజు తీసుకుని మరీ.

దాని ఫలితం నవంబర్‌లో తెలిసింది. మొదటి అసైన్‌మెంట్ మార్కులు చూసి ట్యూటరే పిలిచి, డిజెబిలిటీ సర్వీస్‌ని కలవమన్నాడు. వాళ్లు రిపోర్ట్ అడిగారు. తమ్ముడి దగ్గర ఉన్నది ఇంటర్ బోర్డు కోసం డాక్టర్ రాసిచ్చిన ఒక్క పేజీ. మనకి సదరం సర్టిఫికెట్ లాగా శాతం, స్టాంపు ఉంటే పని జరిగిపోతుందని అలవాటు. అక్కడ చూసేది అది కాదు. చదివే వేగం, స్పెల్లింగ్, జ్ఞాపకశక్తి మీద ఏ పరీక్షలు పెట్టారు, ఎంత స్కోరు వచ్చింది, దాన్నిబట్టి ఏ సాయం కావాలి అని సైకాలజిస్ట్ వివరంగా రాసిన పూర్తి రిపోర్ట్ కావాలి.

అక్కడే చేయించుకుందామంటే ఇంకో దెబ్బ. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు కట్టాం కదా, ఆసుపత్రిలో అయిపోతుందనుకున్నాం. పెద్దవాళ్లకు డిస్లెక్సియా పరీక్షలు అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్‌లో మామూలుగా చేయరు. ప్రైవేటుగా మాకు 600 పౌండ్లు అయింది. కొన్ని యూనివర్సిటీలు ఈ ఖర్చులో కొంత భరిస్తాయి. తమ్ముడి దాంట్లో ఆ ఏర్పాటు లేదు. అపాయింట్‌మెంట్ డిసెంబర్‌లో దొరికింది, రిపోర్ట్ చేతికి వచ్చేసరికి జనవరి. పరీక్షల్లో అదనపు సమయం కోసం అడగాల్సిన గడువేమో నవంబర్ చివర్లోనే అయిపోయింది.

జనవరిలో మామూలు టైంతోనే రాశాడు. 46, 48. పీజీలో పాస్ మార్కు 50. తర్వాత రిపోర్ట్ చూపించి అప్పీల్ చేస్తే, ముందే చెప్పే అవకాశం ఉండి చెప్పలేదు కాబట్టి పాత మార్కులు మార్చం అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ, ఫారంలో "లేదు" అని టిక్ పెట్టింది మేమే కదా. ఆగస్టులో మళ్లీ రాయాలి, ఎంత బాగా రాసినా 50కి మించి వేయరు.

రిపోర్ట్ ఇచ్చాక మాత్రం రెండు వారాల్లో సపోర్ట్ ప్లాన్ వచ్చింది. పరీక్షల్లో 25 శాతం అదనపు సమయం, అంటే రెండు గంటల పేపర్‌కి అరగంట. ఇంటర్‌లో ఇచ్చిన దానికంటే తక్కువే, ఇక్కడి లెక్క గంటకి 20 నిమిషాలు కదా. చిన్న గదిలో రాయనిస్తారు, స్లైడ్లు ముందే పంపుతారు, లెక్చర్ రికార్డ్ చేసుకోనిస్తారు. పాస్ మార్కు మాత్రం తగ్గించరు, సబ్జెక్టు వచ్చిందా లేదా అన్నది అందరికీ ఒకే కొలత. ఈ ప్లాన్‌కి పైసా తీసుకోలేదు.

మీరు ఇంకా ఇక్కడే ఉంటే, ఆఫర్ లెటర్ రాగానే మధ్యలో ఎవరూ లేకుండా ఆ యూనివర్సిటీ డిజెబిలిటీ సర్వీస్‌కి మీరే మెయిల్ పెట్టండి. భారత్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ ఇచ్చిన రిపోర్ట్ తీసుకుంటారా, అందులో ఏమేం ఉండాలి, పరీక్షల ఏర్పాట్లకు చివరి తేదీ ఎప్పుడు, డీఎస్ఏ రాని విదేశీ విద్యార్థులకు మీ సొంత నిధి ఏదైనా ఉందా? ఈ నాలుగూ అడిగితే చాలు. జవాబు రాతపూర్వకంగా ఉంచుకోండి. రిపోర్ట్ ఇక్కడే ఇంగ్లిష్‌లో చేయించుకుని వెళ్తే సెప్టెంబర్‌లోనే ప్లాన్ చేతికొస్తుంది. అప్లికేషన్‌లో ఇప్పటికే "లేదు" అని పెట్టేసినా కంగారు పడకండి, తర్వాత కూడా చెప్పొచ్చు. కాకపోతే చెప్పిన రోజు నుంచే సాయం మొదలవుతుంది.

60 వేల సంగతా? రసీదు తీసి చూస్తే "డాక్యుమెంటేషన్ చార్జీలు" అని ఒక్క ముక్క ఉంది. డీఎస్ఏ అన్న మాటే లేదు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లు వాళ్లు డిలీట్ చేశారు, మేం స్క్రీన్‌షాట్లు తీసుకోలేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. "రాసిచ్చామా సార్?" అంటున్నారు ఫోన్ చేస్తే.