కోనసీమ డాబా మీద తొమ్మిదేళ్ల సోలార్: ప్యానెల్ తన తయారీ బాకీని ఎప్పుడు తీర్చుకుంది?

అమలాపురం దగ్గర మా ఊళ్లో ఇంటి డాబా మీద 2016 వేసవిలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. 250 వాట్ల పాలీక్రిస్టలైన్ ప్యానెళ్లు పన్నెండు, ఒక ఇన్వర్టరు, జింకు పూత పూసిన ఇనుప చట్రం, నెట్ మీటరు, బ్యాటరీ లేదు. బిల్లు ఎంత తగ్గిందో, పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వచ్చిందో చాలామంది రాశారు కాబట్టి ఆ విషయం ఇక్కడ ఎత్తను. ఈ ప్యానెళ్లను తయారుచేయడానికి ఖర్చయిన శక్తిని అవి ఎన్నాళ్లకు తిరిగి ఇచ్చాయి, తయారీలో గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా ఇంతవరకు ఎంత ఆపాయి అన్నదే నా సమీక్ష.

ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది మా పక్కింటి రైతు. "మాస్టారూ, ఆ పలక తయారీకి పట్టిన కరెంటును అది జన్మలో తిరిగి ఇవ్వలేదటండీ, నిజమేనా?" అన్నాడు. సమాధానం కోసం వెతికితే ఇదే తరం ప్యానెళ్లకు ఒకచోట దాదాపు ఐదేళ్లని, మరొకచోట రెండేళ్లలోపేనని కనిపించింది. ఒకే వస్తువుకు ఇంత తేడా ఎలా వస్తుందో తెలియాలంటే, ప్యానెల్‌లో శక్తి ఎక్కడ ఖర్చవుతుందో ముందు చూడాలి.

ఒక్కో ప్యానెల్ బరువు 19 కిలోల లోపు. అందులో సుమారు 13 కిలోలు గాజే, చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము రెండు కిలోల పైచిలుకు. సిలికాన్ మాత్రం, కోతలో పోయినది కూడా కలుపుకొని, ఆ తరం ప్యానెళ్లలో వాటుకు ఐదారు గ్రాములు పట్టేది. అంటే నా పన్నెండు ప్యానెళ్లకూ కలిపి 17 కిలోలు అనుకోవచ్చు. తయారీ శక్తిలో పెద్ద భాగం ఈ కొద్దిపాటి సిలికాన్‌దే. స్ఫటికశిలను బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగించి సిలికాన్ తీస్తారు. అది ఎండను కరెంటుగా మార్చే సెల్‌కు పనికివచ్చేంత శుద్ధమైనది కాదు కాబట్టి, దాన్ని ట్రైక్లోరోసిలేన్ అనే ఆవిరిగా మార్చి, దాదాపు 1,100 డిగ్రీల వేడిలో ఉన్న సన్నని కడ్డీల మీద తిరిగి సిలికాన్‌గా పేరుకునేట్టు చేస్తారు. ఆ వేడిని రోజుల తరబడి నిలపాలి. ఈ ఒక్క దశకే ఆ రోజుల్లో కిలోకు 80 యూనిట్ల ప్రాంతంలో కరెంటు పట్టేది. నా 17 కిలోలకు అది 1,300 యూనిట్లు దాటుతుంది. తరవాత దాన్ని మళ్లీ కరిగించి దిమ్మెలు పోసి, తీగరంపంతో పలుచని పొరలుగా కోస్తారు. అంత కష్టపడి శుద్ధిచేసిన సిలికాన్‌లో మూడో వంతుకు పైగా ఆ కోతలో పొడిగా పోయేది. ఇటీవలి ప్యానెళ్లలో వాటుకు పట్టే సిలికాన్ రెండు మూడు గ్రాములకు తగ్గడమే వాటి తయారీ భారం తగ్గడానికి ముఖ్య కారణం.

చైనా నుంచి ఓడలో తేవడానికి ఎంతో కాలుష్యం అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ప్యానెళ్లు మొత్తంగా అక్కడినుంచే వచ్చాయనుకున్నా, పన్నెండూ కలిపి పావు టన్ను కూడా లేవు. సముద్ర ప్రయాణం, లారీ ప్రయాణం రెండింటి లెక్కా కొన్ని పదుల కిలోల కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. టన్నుల్లో ఉన్న తయారీ లెక్క ముందు దీన్ని వదిలేయవచ్చు.

ఇక రెండు జవాబుల సంగతి. నా ప్యానెళ్ల మొత్తం విస్తీర్ణం దాదాపు 20 చదరపు మీటర్లు. ఆ తరం ప్యానెల్ తయారీకి చదరపు మీటరుకు 830 యూనిట్లకు సమానమైన ఇంధనం ఖర్చయిందన్న అంచనాను తీసుకుంటే 16,500 యూనిట్లు అవుతుంది. చట్రం, ఇన్వర్టరు, తీగలకు మరో 3,500 కలిపితే మొత్తం 20,000. మొదటి సంవత్సరాల్లో నా ఇన్వర్టరు ఏడాదికి 4,200 యూనిట్లు చూపించేది. 20,000ను 4,200తో భాగిస్తే దాదాపు ఐదేళ్లు వస్తుంది. అయితే ఇక్కడ పైన ఉన్న అంకె ఇంధనపు వేడిది, కింద ఉన్నది కరెంటుది. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు మూడు యూనిట్ల వేడినిచ్చే బొగ్గు కాల్చాలి. నా డాబా మీద పుట్టిన 4,200 యూనిట్లు ఎక్కడో 12,000 యూనిట్ల వేడినిచ్చే బొగ్గును కాలకుండా ఆపుతున్నాయన్నమాట. 20,000ను 12,000తో భాగిస్తే 1.7 సంవత్సరాలు, అంటే ఇరవై నెలలు. రెంటినీ ఒకే కొలతలోకి తెచ్చిన ఈ రెండో లెక్కే సరైనది. ఎవరైనా ఐదేళ్లని చెప్పినప్పుడు పైన ఇంధనమూ కింద కరెంటూ పెట్టి భాగించారేమో ముందు చూడాలి.

కార్బన్ లెక్కలో తయారీకి వాడిన కరెంటు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. నాకిచ్చిన కాగితాల్లో ప్యానెల్ బిగింపు భారతదేశంలో జరిగిందనీ సెల్ చైనాదనీ ఉంది. మన దేశంలో ప్రభుత్వ పథకాల కింద పెట్టే ప్యానెళ్లకు ఉండే, రీడరుతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పులో సెల్, ప్యానెల్ ఏ దేశంలో, ఏ నెలలో తయారయ్యాయో విడివిడిగా నమోదై ఉంటుంది. కొనేముందు చదివించుకోవడం మంచిది. భారం ఎక్కువగా సిలికాన్ శుద్ధిలోనూ దిమ్మెల్లోనూ ఉంది కాబట్టి, బిగింపు ఇక్కడ జరిగిందన్న మాట కార్బన్ విషయంలో పెద్దగా ఏమీ చెప్పదు. బొగ్గు కరెంటుతో నడిచే షిన్‌జియాంగ్‌లో శుద్ధిచేసిన సిలికాన్‌కూ, జలవిద్యుత్ వాడే సిచువాన్‌లో శుద్ధిచేసిన దానికీ ఎంతో తేడా ఉంటుంది. అది మాత్రం చిప్పులో ఉండదు. అందుకే భారాన్ని కాస్త ఎక్కువగానే వేసుకొని, కిలోవాటుకు 1,500 కిలోల చొప్పున ప్యానెళ్లకు 4.5 టన్నులు, మిగతా సామగ్రికి ఒక టన్ను, మొత్తం 5.5 టన్నులుగా తీసుకున్నాను. ఇప్పుడు చైనాలో తయారయ్యే, ఒకే స్ఫటికపు సిలికాన్ వాడే మోనో ప్యానెళ్లకు కిలోవాటుకు 800 కిలోలని లెక్కగడుతున్నారు.

ఈ బాకీ తీరే వేగం మన గ్రిడ్ ఎంత మురికిగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మా జిల్లాల్లోనే విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి గ్యాసు విద్యుత్ కేంద్రాలున్నాయి కదా, మా కరెంటు శుభ్రమైనదేమో అని ఒక మిత్రుడు అడిగాడు. దేశమంతా ఒకే గ్రిడ్‌గా కలిసి ఉంది. నేను పంపిన యూనిట్ ఆపేది చాలావరకు బొగ్గునే. కేంద్ర విద్యుత్ అథారిటీ ఏటా ప్రకటించే సగటు ప్రకారం నేను పెట్టించిన నాటికి యూనిట్‌కు సుమారు 0.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడేది, ఇటీవల అది 0.72 దగ్గర ఉంది. 4,200 యూనిట్లను 0.8తో గుణిస్తే ఏడాదికి 3.36 టన్నులు. 5.5 టన్నుల బాకీ తీరడానికి ఇరవై నెలలు పట్టింది. శక్తి లెక్కకూ కార్బన్ లెక్కకూ జవాబు దాదాపు ఒకటే రావడానికి కారణం, ప్యానెల్ తయారైన గ్రిడ్, అది పనిచేస్తున్న గ్రిడ్ రెండూ బొగ్గు మీదే ఆధారపడటం.

ఇదంతా ప్యానెళ్లు సరిగా పనిచేస్తేనే. నాలుగో ఏడు దాటాక ఉత్పత్తి అనుకున్నదానికంటే ఎక్కువ పడిపోయింది. సాధారణంగా తగ్గేది ఏడాదికి నూటికి 0.7 వంతులు, ఆ ఏడు అంతకు ఎన్నో రెట్లు తగ్గింది. దుమ్మా, నీడా, లోపమా అన్నది తెలుసుకోవడానికి నేను చేసినది ఒక్కటే: ముందటి ఏడు ఫిబ్రవరిలో ఎండ బాగా కాసిన రోజునూ ఆ ఏడు ఫిబ్రవరిలో అలాంటి రోజునూ ఇన్వర్టరు గంటగంటకూ చూపిన అంకెలతో పక్కపక్కన పెట్టి చూశాను. దుమ్మయితే పొద్దుటినుంచి సాయంత్రం వరకు అన్ని గంటల్లోనూ ఒకే పాళ్లలో తగ్గుతుంది. నాకు ఉదయం ఏ తేడా లేదు. మూడు గంటల తరవాత ఒక్కసారిగా పడిపోతోంది. పడమటి సరిహద్దులో కొబ్బరి చెట్టు ఎదిగి, దాని ఆకుల నీడ చివరి మూడు ప్యానెళ్ల మీద పడుతోంది. ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా తీగకు కలిపి ఉంటాయి కాబట్టి, నీడ పడిన చోట బైపాస్ డయోడ్లు ఆ భాగాన్ని తప్పిస్తాయి. చిన్న నీడకు కూడా ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది. కొబ్బరి చెట్టు కొమ్మ నరికేది కాదు. ఆ మూడింటినీ డాబా తూర్పు అంచుకు మార్పించాను, ఉత్పత్తి తిరిగి వచ్చింది.

ఏడో ఏట ఇన్వర్టరు పోయింది. ఉప్పుగాలికి లోపలి బోర్డు పాడైందన్నారు. కొత్తది వచ్చేవరకు కొన్ని వారాలు ప్యానెళ్లు ఊరికే ఎండలో ఉన్నాయి. దాని తయారీకి 200 కిలోలు వేసుకున్నా, బాకీ తీరే కాలం ఒక నెలకంటే తక్కువే పెరుగుతుంది. పగటిపూట కరెంటు పోతే ఇలాంటి ఇన్వర్టరు కూడా ఆగిపోతుందన్నది కొనేవారికి తెలియాలి; లైను మీద పనిచేసేవారికి ప్రమాదం రాకుండా అలా చేస్తారు. ఫీడరు మరమ్మతుల రోజుల్లో పోయిన ఉత్పత్తిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ నష్టాలన్నీ పోను తొమ్మిదేళ్లలో నాకు వచ్చినవి సుమారు 36,000 యూనిట్లు. వాటివల్ల ఆగినది 27 టన్నుల పైన. ఇన్వర్టరుతో సహా 5.7 టన్నుల తయారీ భారం తీసేస్తే 21 టన్నులు మిగిలింది. మరో పదహారేళ్లు పనిచేస్తే ఇంకో 59,000 యూనిట్లు రావచ్చు. ఇక్కడ అమ్మేవాళ్ల కరపత్రాలతో నాకు అభ్యంతరం ఉంది. వాళ్లు నేటి 0.72నే పాతికేళ్లకూ వేసి మొత్తం చెబుతారు. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్ పెరిగేకొద్దీ నా యూనిట్ ఆపే బొగ్గు తగ్గుతూ వస్తుంది. పదహారేళ్లలో ఆ అంకె క్రమంగా సగానికి పడుతుందనుకుంటే, జీవితకాలపు నికర ఆదా 64 టన్నుల నుంచి 53కు తగ్గుతుంది. నేను 53నే నమ్ముతాను.

ఇదే లెక్కను తిప్పి చూస్తే ఎన్నాళ్లు వాడామన్నది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఈ ప్యానెళ్లను ఇప్పుడే పారేస్తే ఒక్కో యూనిట్ మీద తయారీ భారం 158 గ్రాములు. పాతికేళ్లు నిలబెడితే 60 గ్రాములు. బొగ్గు పక్కన రెండూ చిన్నవే. అయినా మంచి ఫ్యాక్టరీని వెతికి ఎంచుకోవడం వల్ల వచ్చే తేడాకంటే, ఉన్నదాన్ని చివరిదాకా వాడటం వల్ల వచ్చే తేడా పెద్దది.

ఇటీవల పాతవి తీసేసి అదే స్థలంలో కొత్త మోనో ప్యానెళ్లు వేయమని అడుగుతున్నారు. ఆ 20 చదరపు మీటర్లలో ఇప్పుడు 4 కిలోవాట్లు పడతాయి, ఏడాదికి 1,800 యూనిట్లు అదనంగా వస్తాయి. కొత్త ప్యానెళ్ల తయారీ భారం 3.2 టన్నులు, అదనపు యూనిట్లు దాన్ని తీర్చడానికి రెండున్నరేళ్లు పడుతుంది. పాతవాటిని కదపకుండా, పశువుల కొట్టం రేకుల మీద ఖాళీగా ఉన్న చోట 3 కిలోవాట్లు కొత్తగా వేస్తే ప్యానెళ్ల 2.4 టన్నుల భారం పది నెలల్లోపే తీరుతుంది. అందుకే రెండోదానికే దరఖాస్తు పెట్టుకున్నాను. మంజూరైన లోడు పెంచుకోవాలి, రేకుల కింది దూలాలు ఆ బరువునూ తుపాను గాలినీ తట్టుకుంటాయో లేదో ఇంజనీరుతో చూపించుకోవాలి. ఆ రెండూ అయ్యాక ప్యానెళ్లు తెప్పిస్తాను.