రెండు హీపుల మీడియన్: మూడేళ్లు వాడాక నా మాట

మా సర్వీసుకు వచ్చే ప్రతి రిక్వెస్టుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపించే చిన్న డ్యాష్‌బోర్డు ఒకటి ఉంది. మొదట్లో అందులో సగటు చూపించేవాళ్లం. 40, 35, 90, 38, 900 అని ఐదు అంకెలు వచ్చాయనుకోండి, సగటు 220.6 వస్తుంది. నలుగురికి వందలోపే పని అయిపోయింది, ఒక్కడు ఇరుక్కుపోయాడు, కానీ బోర్డు చూసినవాడికి అందరూ ఇరుక్కున్నట్టే టెన్షన్. అందుకే మీడియన్‌కు మారాం (తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మధ్యగతం). ప్రతిసారీ మొత్తం సార్ట్ చేయకుండా ఉండాలని రెండు హీపుల పద్ధతి పెట్టాను, మూడేళ్లుగా అదే నడుస్తోంది.

సంగతి సింపుల్. వచ్చిన అంకెల్లో చిన్న సగం `lo` అనే మ్యాక్స్ హీప్‌లో, పెద్ద సగం `hi` అనే మిన్ హీప్‌లో ఉంటాయి. చిన్నవాటిలో పెద్దది, పెద్దవాటిలో చిన్నది, రెండూ ఎప్పుడూ పైనే కనిపిస్తుంటాయి కాబట్టి మీడియన్ కోసం వెతకాల్సిన పనే లేదు: సైజులు సమానంగా ఉంటే ఆ రెండిటి సగటు, `lo`లో ఒకటి ఎక్కువుంటే దాని పైనున్నదే. కొత్త అంకె చేర్చడానికి log n పని, చదవడానికి దాదాపు ఏమీ లేదు.

అసలు కిటుకంతా రెండు సగాలనూ సమంగా ఉంచడంలోనే ఉంది, నేను బోల్తా పడిందీ అక్కడే. "ఏ హీప్ చిన్నగా ఉంటే కొత్తది అందులో వేసేద్దాం, సైజులు అవే సరిపోతాయి" అని మొదటి వెర్షన్ రాశాను. 40 `lo`లోకి, 35 `hi`లోకి వెళ్లాయి. మీడియన్ 37.5, కరెక్టే! అక్కడే మోసపోయాను, ఎందుకంటే రెండు అంకెలే ఉన్నప్పుడు ఏది ఎటున్నా జవాబు మారదు. తర్వాత 90 వచ్చి `lo`లో పడగానే మీడియన్ 90 అంది, రావాల్సింది 40. సైజులు సరిగ్గా ఉన్నాయి గానీ వరస పోయింది. అంటే కాపాడాల్సినవి రెండు: `lo`లో ఉన్న ఏ అంకె కూడా `hi`లో ఉన్న ఏ అంకెకన్నా పెద్దది కాకూడదు, `lo` సైజు `hi`కి సమానంగానో, ఒకటి ఎక్కువగానో ఉండాలి.

ఇప్పుడు నడుస్తున్నది ఇదీ. మేం వాడే పైథాన్‌లో `heapq` మిన్ హీప్ మాత్రమే ఇస్తుంది కాబట్టి `lo`లో అంకెలకు మైనస్ పెట్టి దాచుకుంటాం:

```python
heappush(hi, -heappushpop(lo, -x))
if len(hi) > len(lo):
    heappush(lo, -heappop(hi))
```

కొత్త అంకె ఏదైనా సరే ముందు `lo` గుమ్మం తొక్కాల్సిందే, అక్కడ అన్నిటికన్నా పెద్దదిగా తేలినది `hi`కి పోతుంది. అలా వరస చెడే అవకాశమే లేదు. ఇక సైజులు: ముందు రెండూ సమానంగా ఉండి ఉంటే ఇప్పుడు `hi`లో ఒకటి ఎక్కువైంది, దాని పైనున్నది తిరిగి `lo`కి వస్తుంది. ముందు `lo`లోనే ఒకటి ఎక్కువ ఉండి ఉంటే ఇప్పుడు సమానమైపోయాయి, ఏమీ చేయక్కర్లేదు. ఒక్కో అంకే వస్తుంది కాబట్టి తేడా ఎప్పుడూ ఒకటికి మించదు, లూప్ అవసరం రాదు.

పైన చెప్పిన ఐదు అంకెల్లో నాలుగు వచ్చేసరికి `lo`లో 35, 38, `hi`లో 40, 90 ఉంటాయి, మీడియన్ 39. తర్వాత 900 వస్తుంది, `lo`లోకి వెళ్లీ వెళ్లకముందే `hi`కి తోసేయబడుతుంది, అక్కడ మూడయ్యాయి కాబట్టి 40 ఇటు వస్తుంది. మీడియన్ 40. 900 బదులు తొమ్మిది లక్షలు వచ్చినా అదే 40.

ప్రతి చేర్పు తర్వాత `-lo[0] <= hi[0]` అని ఒక assert పెట్టుకోండి (`hi` ఖాళీ కానప్పుడు). మైనస్ ఎక్కడ మర్చిపోయినా త్వరగానే దొరికిపోతారు.

నచ్చనిది ఒకటుంది. ఇది దేన్నీ మర్చిపోదు. మెమరీ పెరుగుతూనే ఉంటుంది, నెల క్రితం అంకెలు ఇవాళ్టి మీడియన్‌ను పట్టి ఉంచుతాయి. చివరి 1000 రిక్వెస్టుల మీడియనే కావాలి అని మేనేజర్ అడిగిన రోజు నా పని అయిపోయింది, ఎందుకంటే హీప్ మధ్యలోంచి ఒక అంకెను లాగడం తేలిక కాదు. తీసేయాల్సినవాటిని పక్కన రాసుకుని, అవి పైకి తేలినప్పుడు పారేయడం ఒక దారి. అలా చేస్తే `len`ను నమ్మకూడదు, లోపల చచ్చిన అంకెలనూ అది లెక్కేస్తుంది, కాబట్టి బతికున్నవాటి లెక్క విడిగా పెట్టుకుని దాన్నిబట్టే సమం చేయాలి. ఇది తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను. చివరికి ఆ 1000 కిటికీకి `bisect`తో సార్ట్ అయిన మామూలు లిస్టు పెట్టేశాను, అంత చిన్నదానికి అది హాయిగా సరిపోయింది. మొదలు నుంచి చివరిదాకా మొత్తం లెక్క కావాల్సిన చోట మాత్రం హీపులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఆ కోడ్ ముట్టుకుని రెండేళ్లయింది.